ట్రెండ్‌లైన్ దాటిందని కొంటే మధ్యాహ్నానికి వెనక్కి వచ్చేసింది: ఏది నిజం బ్రేక్, ఏది ఉత్తుత్తి బ్రేక్?

కరీంనగర్_కిరణ్
అందరికీ నమస్తే. ఒక మిడ్‌క్యాప్ ఫార్మా షేర్ చూస్తున్నాను. పేరు చెబితే టిప్ అనుకుంటారని చెప్పడం లేదు. డైలీ చార్ట్‌లో పైనుంచి కిందికి దిగే గీత గీశాను. మొదటి టాప్ 712, దాని తర్వాత 684, ఆ తర్వాత 656. మూడూ దాదాపు ఒకే గీత మీద పడ్డాయి, ఒక్కో టాప్‌కీ మధ్య 14 సెషన్లు. చివరి టాప్ తర్వాత 8 సెషన్లకి, అంటే నిన్నటికి, గీత 640 దగ్గర ఉంది. పొద్దున 10:20కి పెద్ద పచ్చ క్యాండిల్‌తో 640 దాటింది. 644 దగ్గర కొన్నాను. 646 దాకా వెళ్లి, ఒంటిగంటకల్లా 635కి వచ్చి, 633 దగ్గర ముగిసింది.

నా ప్రశ్న ఒక్కటే. దాటుతున్న ఆ క్షణంలో అది నిజమా కాదా అని తెలుసుకునే మార్గం ఏమైనా ఉందా? లేక రోజు అయిపోయేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందేనా?

వైజాగ్_వాసు
వాల్యూమ్ చూడలేదా బ్రో? నిజం బ్రేక్ అయితే వాల్యూమ్ మామూలుకు రెండింతలైనా ఉండాలి. వాల్యూమ్ లేకుండా దాటితే ఉత్తుత్తిదే. ఇంతకు మించి ఏమీ లేదు, ఊరికే కాంప్లికేట్ చేసుకోకండి.

కరీంనగర్_కిరణ్
వాల్యూమ్ ఉంది అన్నా. ఆ 15 నిమిషాల క్యాండిల్‌లో అంతకుముందు క్యాండిల్‌కి మూడింతలు. అది చూసే కొన్నాను.

రాజమండ్రి_రాజు
ఆపరేటర్లు తమ్ముడూ. నీలాంటోళ్ల స్టాప్‌లు ఎక్కడున్నాయో వాళ్లకి తెలుసు. పైకి లాగి, నీకు అంటగట్టి దిగిపోయారు. మిడ్‌క్యాప్‌లో ఇది రోజూ జరిగేదే. నిఫ్టీలోకి రా, అక్కడ ఎవడూ లాగలేడు.

శ్రీనివాస్_చార్ట్స్
కిరణ్ గారూ, ఆపరేటర్ సంగతి పక్కన పెడదాం. ఉన్నా లేకపోయినా మీరు చేయాల్సింది మారదు. మీరిచ్చిన అంకెల్లోనే సగం జవాబు ఉంది.

మీ గీత 14 సెషన్లకి 28 రూపాయలు దిగుతోంది. అంటే రోజుకి 2 రూపాయలు. గత వారం ఈ షేర్ ఏ ధరల మధ్య క్లోజ్ అయింది? నా ఊహ, 630కీ 642కీ మధ్య. అదే నిజమైతే షేర్ పైకి వెళ్లి గీతను దాటలేదు. షేర్ ఉన్నచోటే ఉంది, గీతే దిగుతూ దిగుతూ దాని నెత్తి మీదికి వచ్చింది. ఏటవాలు గీతల్లో ఉన్న ఇబ్బంది ఇదే. ఒక్కడు కూడా కొత్తగా కొనకపోయినా, రోజులు గడిస్తే చాలు, దిగే గీత 'బ్రేక్' అయిపోతుంది. ఎక్కే గీత కూడా అంతే. షేర్ పడకుండా పక్కకి నడిచినా గీత దాని పైకి వెళ్లిపోతుంది, చార్ట్ మీద మాత్రం సపోర్ట్ విరిగినట్టు కనిపిస్తుంది.

అందుకే నేను గీత దాటడాన్ని జవాబుగా తీసుకోను, ప్రశ్నగా మాత్రమే తీసుకుంటాను. జవాబు చెప్పేది కదలని ధర. మీ చార్ట్‌లో అది 656. గీతను తాకి వెనక్కి తిరిగిన చివరి టాప్ అది. అమ్మేవాళ్లు నిజంగా ఎక్కడ నిలబడ్డారో అది చూపిస్తుంది. 656 పైన రోజు ముగిస్తే, పోయినసారి అమ్మి గెలిచినవాళ్లు ఈసారి ఓడిపోయారని అర్థం. 644 దగ్గర ఇంకా ఎవరూ ఓడిపోలేదు.

ఇంకొక్కటి. డైలీ చార్ట్‌లో 14 రోజుల ఏటీఆర్, అంటే షేర్ సగటున రోజుకి ఎంత ఊగుతోందో, చూసి చెప్పండి.

కరీంనగర్_కిరణ్
ఏటీఆర్ 18 చూపిస్తోంది అన్నా. గత వారం క్లోజ్‌లు దాదాపు మీరన్నట్టే, 629కీ 642కీ మధ్య.

శ్రీనివాస్_చార్ట్స్
అయితే చూడండి. ఈ షేర్ ఏ వార్తా లేకుండా, ఏ కారణమూ లేకుండా రోజుకి 18 రూపాయలు అటూ ఇటూ ఊగుతోంది. మీరు చూసిన బ్రేక్ 640 నుంచి 646, ఆరు రూపాయలు. రోజువారీ ఊగులాటలో మూడో వంతు. దాన్ని బ్రేక్ అనలేం, ఆ షేర్ మామూలుగా ఊపిరి తీసుకోవడం అది.

నేను పెట్టుకున్న కొలత ఏమిటంటే, రోజు ముగింపు గీత నుంచి కనీసం సగం ఏటీఆర్ దూరంలో ఉండాలి. మీ షేర్‌కి 9 రూపాయలు, అంటే 649 పైన క్లోజ్. ఇది శాస్త్రమేమీ కాదు. ఏటీఆర్‌ని 1978లో వెల్స్ వైల్డర్ పరిచయం చేశాడు. సగం అనే వాటా మాత్రం నా అలవాటు. కొందరు మొత్తం ఏటీఆర్ అడుగుతారు. ఎంత ఎక్కువ అడిగితే అంత తక్కువ మోసపోతారు, కానీ అంత ఆలస్యంగా, అంత ఖరీదుగా లోపలికి వెళ్తారు. ఉచితంగా వచ్చే ఫిల్టర్ లేదు.

వాసు గారి మాట సగం నిజం. వాల్యూమ్ చూడాలి, కానీ ఎవరి వాల్యూమ్? గీత పైన ఎన్నో ఆర్డర్లు కాచుకుని ఉంటాయి. షార్ట్ చేసినవాళ్ల స్టాప్‌లాస్‌లు అక్కడే ఉంటాయి, అవి తగిలితే కొనుగోలు ఆర్డర్లుగా మారతాయి. బ్రేకవుట్ కోసం చూస్తున్న కిరణ్ గారి లాంటివాళ్లూ అక్కడే కొంటారు. కాబట్టి నిజం బ్రేకైనా ఉత్తుత్తి బ్రేకైనా దాటే ఆ క్షణంలో వాల్యూమ్ లేస్తుంది. తేడా ఆ తర్వాత తెలుస్తుంది. అంత వాల్యూమ్ పడ్డాక ధర ఎంత కదిలింది? మూడింతల వాల్యూమ్‌తో రెండు రూపాయలు మాత్రమే ఎక్కిందంటే, కొన్నవాళ్లందరికీ తీరిగ్గా అమ్మిపెడుతున్న పెద్ద చేయి ఒకటి అక్కడ ఉందన్నమాట.

వైజాగ్_వాసు
ఓకే సర్, ఒప్పుకుంటా. కానీ డెలివరీ శాతం చూస్తే ఆ తేడా తెలిసిపోతుంది కదా. నిజంగా కొన్నవాడు డెలివరీ తీసుకుంటాడు, ఇంట్రాడే వాళ్లు తీసుకోరు.

శ్రీనివాస్_చార్ట్స్
తెలుస్తుంది, కానీ ఆ లెక్క మార్కెట్ మూసాక వస్తుంది. 10:20కి కిరణ్ గారికి పనికిరాదు. పైగా డెలివరీ తీసుకున్నవాడు ఉన్నాడంటే డెలివరీ ఇచ్చినవాడూ ఉన్నాడు. ఎక్కువ డెలివరీ అంటే పెద్ద చేతులు మారాయని మాత్రమే తెలుస్తుంది, ఎటు వైపు గెలిచిందో చెప్పేది క్లోజే. మరో మాట, 15 నిమిషాల వాల్యూమ్‌ని ముందు క్యాండిల్‌తో పోల్చకండి, నిన్నా మొన్నా ఇదే సమయంలో పడిన వాల్యూమ్‌తో పోల్చండి. మన మార్కెట్‌లో మొదటి గంట, చివరి గంట ఎప్పుడూ బరువుగానే ఉంటాయి.

సుజాత_ఎం
శ్రీనివాస్ గారూ, 'రోజు ముగింపు' అని తేలిగ్గా అంటున్నారు. ఏ ముగింపు? ఎన్ఎస్ఈలో షేర్ల అధికారిక క్లోజ్ ఇన్నాళ్లూ చివరి ట్రేడ్ ధర కాదు, 3 నుంచి 3:30 దాకా జరిగిన ట్రేడ్ల సగటు, అదీ వాల్యూమ్‌ని బట్టి లెక్కేసింది. 3:28కి ఒక్క దూకుడుతో గీత దాటిన షేర్, సగటు లెక్కలో గీత కిందే ముగుస్తుంది. కొన్ని యాప్‌లు ఆ సాయంత్రం చివరి ట్రేడ్ చూపించి, తర్వాత అధికారిక క్లోజ్‌కి మార్చేస్తాయి. రాత్రి బ్రేక్ కనిపించి పొద్దున మాయమైన సందర్భాలు చాలామంది చూసే ఉంటారు.

కరీంనగర్_కిరణ్
అక్కా, అందుకేనా! నాకు నిన్న గంట చార్ట్‌లో చివరి క్యాండిల్ గీత పైనే ముగిసింది, కానీ డైలీలో కింద ఉంది. గంట క్యాండిల్ పైన క్లోజ్ అయితే అదైనా లెక్కలోకి వస్తుందా?

సుజాత_ఎం
నీ గీత 640, క్లోజ్ 633 అన్నావు. సగటు లెక్క వల్ల అంత తేడా రాదు తమ్ముడూ. డైలీలో గీసిన గీతను గంట చార్ట్‌లోకి మారితే అది వేరే చోట కనిపించవచ్చు, చుక్కలు ఎక్కడ పెట్టావో ఒకసారి సరిచూసుకో. ఇంకో సంగతి, మార్కెట్ 9:15కి మొదలై 3:30కి ముగుస్తుంది. 375 నిమిషాలు. గంట గంటగా కోస్తే ఆరు ముక్కలు పోగా చివర 15 నిమిషాల తోక మిగులుతుంది. నువ్వు 'గంట క్యాండిల్' అనుకున్నది 3:15 నుంచి 3:30 దాకా ఉన్న ఆ తోకే. ఇంట్రాడే పొజిషన్లు మూసేసే హడావిడి అంతా అందులోనే ఉంటుంది. అందుకే చాలామంది 75 నిమిషాల క్యాండిల్ వాడతారు, రోజు సమానంగా అయిదు ముక్కలవుతుంది.

పసుపు_కొమ్ము
నేను నిజామాబాద్ నుంచి. షేర్లు కాదు, ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు ఫ్యూచర్స్ చేస్తా. నాకూ ఇదే బాధ, కానీ కారణం వేరు. కంటిన్యూయస్ చార్ట్‌లో గీత గీస్తే ఎక్స్‌పైరీ మరునాడు ఠపీమని బ్రేక్ అవుతుంది. మండీలో ధర కదలదు, చార్ట్‌లో మాత్రం గ్యాప్. తర్వాత అర్థమైంది, పాత కాంట్రాక్ట్ ముగిసి దూరపు నెల కాంట్రాక్ట్ అతికించేసరికి, రెండింటి మధ్య తేడా గ్యాప్‌గా కనిపిస్తోందని. కొత్త పంట ఫిబ్రవరి, మార్చిలో యార్డుకి వస్తుంది కాబట్టి పాత పంట నెలకీ కొత్త పంట నెలకీ ధరల్లో బాగా తేడా ఉంటుంది. ఆ తేడాని బ్రేక్ అనుకుని చేతులు కాల్చుకున్నవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు. ఇప్పుడు ఏ నెల కాంట్రాక్ట్ చేస్తున్నానో దాని చార్ట్ మీదే గీస్తా.

శ్రీనివాస్_చార్ట్స్
మంచి మాట అన్నారు. షేర్లలో కూడా ఇలాంటివి ఉన్నాయి. 2023 జూలై 20న రిలయన్స్ నుంచి జియో ఫైనాన్షియల్ విడిపోయినప్పుడు ముందురోజు క్లోజ్ 2841.85, ప్రత్యేక ప్రీ-ఓపెన్‌లో తేలిన ధర 2580. తేడా 261.85 జియో ఫైనాన్షియల్ విలువగా పక్కకి వెళ్లింది. సర్దుబాటు చేయని చార్ట్‌లో అది తొమ్మిది శాతం పతనం. కింద ఎన్ని ఎక్కే గీతలుంటే అన్నీ తెగిపోయినట్టు కనిపిస్తాయి. నిజానికి ఎవరూ ఏదీ అమ్మలేదు. పెద్ద డివిడెండ్ ఎక్స్-డేట్ రోజు కూడా చిన్న ఎత్తున ఇదే జరుగుతుంది.

డాలస్_బావ
మేం ఎన్నారైలం, ఇండియా షేర్లలో ఇంట్రాడే చేయడానికి లేదు. అందుకే నాకున్నది వీక్లీ చార్ట్, శుక్రవారం క్లోజ్. అదే నన్ను కాపాడింది అనుకుంటా. కాకపోతే నాది వేరే సమస్య. నా చార్ట్‌లో ఎక్కే గీత చెక్కుచెదరకుండా ఉంది, మా తోడల్లుడి చార్ట్‌లో అదే షేర్, అవే రెండు బాటమ్‌లు, గీత విరిగిపోయింది. ఇద్దరిలో ఎవరిది తప్పు?

శ్రీనివాస్_చార్ట్స్
ఎవరిదీ కాదు. ఒకరిది మామూలు స్కేల్, ఒకరిది లాగ్ స్కేల్ అయ్యుంటుంది. 100 దగ్గర ఒక బాటమ్, రెండేళ్ల తర్వాత 200 దగ్గర ఇంకో బాటమ్ అనుకోండి. మామూలు స్కేల్‌లో గీత ఇంకో రెండేళ్లకి 300 దగ్గర ఉంటుంది. లాగ్ స్కేల్‌లో రెట్టింపు కాబట్టి 400 దగ్గర. షేర్ 350లో ఉంటే మీకు భద్రం, తోడల్లుడికి బ్రేక్. రెండు మూడు నెలల గీతలకి ఇది పట్టించుకోనక్కర్లేదు. ధర రెట్టింపైన ఏళ్ల తరబడి గీతలకి మాత్రం నేను లాగ్ వాడతాను. ఏ స్కేల్‌లో మొదలెట్టారో దానికే కట్టుబడండి, నచ్చిన జవాబు కోసం బటన్ నొక్కకండి.

రాజమండ్రి_రాజు
ఇవన్నీ సరే గానీ, ఇన్ని చూసుకునేసరికి రైలు వెళ్లిపోతుంది. నేను దాటగానే కొంటా, కింద స్టాప్ పెడతా. తగిలితే తగిలింది. నిఫ్టీలో ఇంత రభస ఉండదు.

శ్రీనివాస్_చార్ట్స్
రాజు గారూ, నిఫ్టీలో ఎవడూ లాగలేడన్నారు కాబట్టి నిఫ్టీ నుంచే చెప్తాను. 2024 ఎన్నికల ఫలితాల వారం చార్ట్ తెరిచి పక్కన పెట్టుకోండి.

ముందు కింది గీత. ఏప్రిల్ 19న రోజు కనిష్ఠం, అంటే లో, దాదాపు 21,777. మే 13న లో దాదాపు 21,821. ఈ రెంటినీ కలిపితే మెల్లగా ఎక్కే గీత. మధ్యలో 15 సెషన్లు, 43 పాయింట్లు, రోజుకి మూడు పాయింట్ల కన్నా తక్కువ. మే 13 నుంచి జూన్ 4కి 16 సెషన్లు, అందులో మే 18 శనివారం పెట్టిన ప్రత్యేక సెషన్ కూడా ఉంది. గీతను పొడిగిస్తే జూన్ 4న దాదాపు 21,867 దగ్గర ఉంటుంది.

ఆ రోజు ఏమైంది? కౌంటింగ్ మొదలయ్యాక 21,281 దాకా పడింది. గీతకి 580 పాయింట్లకి పైగా కింద. మీ పద్ధతిలో దాటగానే అమ్మినవాళ్లు ఎక్కడెక్కడో అమ్మారు. రోజు ఎక్కడ ముగిసింది? 21,884.50. గీతకి 17 పాయింట్లు పైన. మరునాడు 22,620 దగ్గర క్లోజ్. 7వ తేదీకి 23,290. అంటే ఆ 580 పాయింట్ల 'బ్రేక్' మొత్తం విక్‌లోనే, క్యాండిల్ కింద వేలాడే ఆ సన్న గీతలోనే, పుట్టి అక్కడే పోయింది.

కరీంనగర్_కిరణ్
అబ్బా. 17 పాయింట్లతో గీత నిలబడిందా! అంటే క్లోజ్ రూల్ అంత పక్కాగా పనిచేస్తుందన్నమాట.

శ్రీనివాస్_చార్ట్స్
అలా అనుకోకండి, అసలు మెలిక అక్కడే ఉంది. అదే గీతను లోల మీద కాకుండా క్లోజ్‌ల మీద గీయండి. ఏప్రిల్ 18 క్లోజ్ 21,995.85. మే 9 క్లోజ్ 21,957.50. ఈ గీత కొంచెం కిందికి వాలుతుంది. జూన్ 4కి పొడిగిస్తే దాదాపు 21,908 వస్తుంది. 21,884 క్లోజ్ దానికి 24 పాయింట్లు కింద!

ఒకే ఇండెక్స్, ఒకే రోజు, ఒకే క్లోజ్. విక్‌ల మీద గీసినవాడికి సపోర్ట్ నిలబడింది, క్లోజ్‌ల మీద గీసినవాడికి విరిగింది. ఆ రోజు హై 23,179, లో 21,281. దాదాపు 1,900 పాయింట్లు ఊగిన రోజున 17 పైన, 24 కింద అనే మాటలకి విలువేముంది? ఆ క్లోజ్ గీత మీదే కూర్చుందంటే సరిపోతుంది. తీర్పు మరునాటికి వాయిదా పడింది.

అందుకే చార్ట్ మీద నాది గీత కాదు, పట్టీ. విక్‌ల గీత, క్లోజ్‌ల గీత రెండూ గీసి మధ్య ఉన్నదంతా గడప అనుకుంటాను. గడప మీద నిలబడ్డవాడు లోపలికి వస్తున్నాడో బయటికి పోతున్నాడో ఇంకో అడుగు వేస్తే గానీ తెలియదు.

సుజాత_ఎం
కింది గీత కథ బాగుంది. కానీ శ్రీనివాస్ గారూ, ఒక రోజు ముందు జరిగింది చెప్పలేదు. జూన్ 3, ఎగ్జిట్ పోల్స్ తర్వాతి సోమవారం. అప్పటిదాకా ఉన్న చివరి టాప్ మే 27 నాటి 23,110. మీ రూల్ ప్రకారం కదలని ధర అదే. ఏప్రిల్ 10 టాప్ 22,775నీ దాన్నీ కలిపి గీత గీసినా జూన్ 3న అది 23,167 దగ్గర ఉంటుంది. ఆ రోజు క్లోజ్ 23,263.90. గీతా దాటింది, టాపూ దాటింది, క్లోజ్ కూడా పైనే. మీరు చెప్పినవన్నీ పాసయ్యాయి. మరునాడు 21,884. ఇరవై నాలుగ్గంటల్లో ఆరు శాతం గల్లంతు. దీనికేమంటారు?

రాజమండ్రి_రాజు
😄 ఇప్పుడు చెప్పండి గురువుగారూ.

శ్రీనివాస్_చార్ట్స్
సుజాత గారూ, అది గట్టి దెబ్బే. ఆ రోజు రూల్ ఫెయిలైంది, దాచేదేం లేదు. కానీ ఆ క్యాండిల్‌ని ఒకసారి దగ్గరగా చూడండి. శుక్రవారం క్లోజ్ 22,530. సోమవారం ఓపెన్ 23,337.90. రోజంతటికీ హై 23,338.70. అంటే తెరుచుకున్న చోటే రోజు గరిష్ఠం, తేడా ఒక్క పాయింట్ కూడా లేదు. ఎనిమిది వందల పాయింట్లు గ్యాప్‌లో వచ్చాయి, ఆ తర్వాత ఆరుంబావు గంటల్లో ఆ ఓపెన్ ధర మీద ఇంకో రూపాయి ఎక్కువ పెట్టి కొనేవాడే దొరకలేదు. క్లోజ్ గీతకి 97 పాయింట్లు పైన ఉన్నా ఓపెన్‌కి 74 కింద. దాటింది అనేకన్నా దాటించి వదిలేశారు అనాలి.

రెండోది, మరునాడు కౌంటింగ్ అని దేశమంతా తెలుసు. తేదీ ముందే తెలిసిన పెద్ద వార్తకి ముందురోజు వచ్చే బ్రేక్, జనం ఏ పందెం కాశారో చెబుతుంది, అంతే. పందెం గెలిస్తే బ్రేక్ నిజం, ఓడితే ఉత్తుత్తిది. చార్ట్‌లో దానికి జవాబు ఉండదు. కంపెనీ ఫలితాలు, బడ్జెట్, ఆర్‌బీఐ పాలసీ అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. అలాంటి రోజున నేను బ్రేక్‌ని లెక్కలోకే తీసుకోను. వార్త వచ్చాక క్లోజ్ ఎక్కడో చూస్తాను.

సుజాత_ఎం
వెనక్కి తిరిగి చూసి చెప్పడం తేలిక. ఓపెన్, హై ఒకటే అయి కూడా నెలల తరబడి పైకి వెళ్లిన గ్యాప్‌లు ఎన్నో ఉన్నాయి. పైగా 23,338ని అదే నెలలో దాటేసింది కూడా. జూన్ 3న కొని ఊరుకున్నవాడికి ఆ బ్రేక్ నిజమే, స్టాప్ పెట్టినవాడికి మాత్రం అబద్ధం. మీరు 'ఉత్తుత్తి' అంటున్నది బ్రేక్‌నా, మీ స్టాప్‌నా?

శ్రీనివాస్_చార్ట్స్
ఇది న్యాయమైన ప్రశ్న. నా దగ్గర పూర్తి జవాబు లేదు. నాకు సంబంధించినంతవరకు, నేను ఎన్ని రోజుల కోసం కొన్నానో ఆ లోపల గీత లోపలికి తిరిగొచ్చి క్లోజ్ అయితే అది ఉత్తుత్తి బ్రేకే. వారానికి కొన్నవాడికీ ఏడాదికి కొన్నవాడికీ తీర్పు ఒకటి కానక్కర్లేదు.

వైజాగ్_వాసు
ఆ రోజు నిఫ్టీ చార్ట్ కింద వాల్యూమ్ చూశా, పెద్దగా ఏమీ తెలియలేదు.

శ్రీనివాస్_చార్ట్స్
నిఫ్టీ స్పాట్‌కి తనదంటూ ట్రేడ్ లేదు కదండీ. యాప్‌లో కనిపించేది యాభై షేర్ల వాల్యూమ్ కలిపిన లెక్క. ఒక్క షేర్‌లో పెద్ద బ్లాక్ డీల్ జరిగినా అది లేస్తుంది. ఇండెక్స్‌కి ఫ్యూచర్స్ వాల్యూమ్ చూడండి, అదీ ఎక్స్‌పైరీ వారంలో రోలోవర్ వల్ల ఉబ్బుతుందని గుర్తుంచుకుని.

అనంతపురం_రెడ్డి
ఆటోమేటిక్‌గా ట్రెండ్‌లైన్ గీసే మంచి ఇండికేటర్ ఏదైనా ఉంటే చెప్పండి ఫ్రెండ్స్. ఫ్రీది.

పసుపు_కొమ్ము
రెడ్డి గారూ, పైన విక్‌కా క్లోజ్‌కా అన్న దగ్గరే ఇంతమంది కొట్టుకుంటుంటే ఇండికేటర్ ఏం చేస్తుందండీ. అది ఏదో ఒకటి ఎంచుకుని గీస్తుంది, ఏది ఎంచుకుందో మీకు చెప్పదు.

కరీంనగర్_కిరణ్
అందరికీ థాంక్స్. ఇంకో డౌట్. బ్రేక్ తర్వాత గీత దగ్గరికి తిరిగొస్తే దాన్ని రీటెస్ట్ అంటున్నారు, లోపలికి పోతే ఫెయిల్ అంటున్నారు. వెనక్కి వస్తున్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి కదా?

శ్రీనివాస్_చార్ట్స్
అవును, గీత దాకా రెండూ ఒకేలా వస్తాయి. నేను చూసేది వచ్చే తీరు. రెండు మూడు రోజులు చిన్న చిన్న క్యాండిల్స్‌తో, వాల్యూమ్ తగ్గుతూ వస్తే అమ్మేవాళ్లకి తొందర లేదన్నమాట. పైకి వెళ్లడానికి నాలుగు రోజులు పట్టిన దూరాన్ని ఒక్క రోజులో దిగేస్తే, ఇరుక్కున్నవాళ్లు పారిపోతున్నారు. బ్రేక్ రోజున కొన్నవాళ్లందరూ ఒకేసారి నష్టంలోకి వెళ్తారు, వాళ్ల స్టాప్‌లే అమ్మకాలుగా మారతాయి. ఉత్తుత్తి బ్రేక్ తర్వాత పడే వేగం ఎక్కువ ఉండేది అందుకే. బ్రేక్ క్యాండిల్ కనిష్ఠ ధర కింద రోజు ముగిస్తే నేను ఇంక వాదించను, బయటికి వచ్చేస్తాను.

మీ దిగే గీత విషయంలో ఇంకో జాగ్రత్త. రీటెస్ట్ ధర రోజుకి 2 రూపాయలు తగ్గుతూ పోతుంది. పది రోజుల తర్వాత 'గీత మీద రీటెస్ట్' అంటే 620 దగ్గర. అంత కిందికి వస్తే గీత నిలబడ్డా ఉపయోగం లేదు, అప్పటికే గత వారం అన్నిటికన్నా తక్కువ క్లోజ్ 629 పోయి ఉంటుంది.

రాజమండ్రి_రాజు
నేను ఒప్పుకోను. రీటెస్ట్ కోసం కూర్చుంటే గట్టిగా ఎక్కేవి అసలు రీటెస్ట్ ఇవ్వవు. వచ్చేవన్నీ నీరసం కేసులే. దాటగానే సగం, క్లోజ్ అయ్యాక సగం కొనాలి.

సుజాత_ఎం
ఇందులో నేను రాజు గారి వైపే. సగం సగం కొంటే 10:20కి పడిన తప్పు ఖరీదు సగానికి తగ్గుతుంది. కానీ రాజు గారూ, మీ స్టాప్ ఎక్కడ? గీతకి రెండు రూపాయల కింద పెడితే 18 రూపాయలు ఊగే షేర్‌లో అది రోజూ తగులుతుంది.

రాజమండ్రి_రాజు
...రెండు కాదు, మూడు 😅

కరీంనగర్_కిరణ్
అప్‌డేట్. ఆరు సెషన్లు అయ్యాయి. 644వి అమ్మలేదు. మధ్యలో ఒక రోజు 629 దాకా వచ్చి 637 దగ్గర ముగిసింది, గీత ఆ రోజు 630. ఈరోజు గీత 628, క్లోజ్ 651. వాల్యూమ్ మామూలు కన్నా కొంచెం ఎక్కువ. 656 ఇంకా దాటలేదు. శ్రీనివాస్ అన్నా, సగం ఏటీఆర్ రూల్ పాసైంది కదా?

శ్రీనివాస్_చార్ట్స్
గీత నుంచి 23 రూపాయల దూరం అంటున్నారు గానీ, అందులో 12 రూపాయలు గీత దిగడం వల్ల వచ్చినవి. బ్రేక్ రోజు గీత 640 మీద షేర్ ఎక్కింది మిగతా 11 మాత్రమే. గీతను మర్చిపోండి, దాని పని అయిపోయింది. ఇప్పుడు మీకు రెండే ధరలున్నాయి, పైన 656, కింద 629. 629ని తాకి క్లోజ్ పైకి వచ్చింది కాబట్టి 629కి అర్థం ఉంది. ఉన్నవి ఉంచుకోండి. కొత్తగా కొనేది మాత్రం 656 పైన క్లోజ్ అయ్యాకే. అన్నట్టు, ఈ కంపెనీ క్వార్టర్ ఫలితాలు ఎప్పుడు?

కరీంనగర్_కిరణ్
ఎల్లుండి అన్నా.

సుజాత_ఎం
అయితే ఎల్లుండి సాయంత్రం దాకా 656 దాటినా దాటనట్టే లెక్క. సగం ఇప్పుడే తీసేస్తావా, మొత్తం ఉంచుతావా అన్నది నీ జేబుని బట్టి తమ్ముడూ.

రాజమండ్రి_రాజు
మొత్తం ఉంచు.